విషయం: 25 రోజులుగా ఆగిపోయిన సెటిల్‌మెంట్లు, కారణం తెలపాలని వినతి

తేదీ: మార్చి 29

సెటిల్‌మెంట్స్, రిస్క్ విభాగం అధికారులకు,

అయ్యా / అమ్మా,

నేను చేతి సంచులు, పర్సులు అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నాను. రెండేళ్లుగా ఆన్‌లైన్ పేమెంట్లన్నీ మీ గేట్‌వే ద్వారానే తీసుకుంటున్నాను. ఇన్నాళ్లూ అమ్మిన డబ్బు రెండు పనిదినాల్లో నా బ్యాంకు ఖాతాలో పడేది. మార్చి 4 నుంచి ఒక్క సెటిల్‌మెంట్ కూడా రాలేదు. డ్యాష్‌బోర్డులో ప్రతి వరుస పక్కనా `On Hold` అని ఉంది. ఎందుకో ఎక్కడా లేదు.

మార్చి 2న పాత స్టాకును తగ్గింపు ధరకు పెట్టాను. రోజుకు పది దాటని ఆర్డర్లు ఆ ఒక్కరోజే 46 వచ్చాయి. అది చూసి మీ సిస్టమ్ అనుమానపడి ఉంటుందని నా ఊహ. ఆపి చూసుకోవడం తప్పని నేను అనను, మోసాలు జరుగుతున్నాయి కాబట్టి చూసుకోవాల్సిందే. కానీ చూశాక ఏం తేలిందో చెప్పాలి కదా. షాపు లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్, సరకు కొన్న బిల్లులు అడిగిన రోజే పంపాను. వారం తర్వాత మళ్లీ అవే అడిగారు, మళ్లీ పంపాను. ఆ తర్వాత నేను రాసిన ఐదు మెయిళ్లకూ "మీ ఖాతా పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యమే జవాబు.

ఇలా ఆగినవి మొత్తం 187 ఆర్డర్ల డబ్బులు. 181 పార్సిళ్లు కస్టమర్లకు అందాయి, డెలివరీ రుజువులు జత చేశాను. తిరిగొచ్చిన ఆరింటికి మీ దగ్గర రిఫండ్ నొక్కితే బ్యాలెన్స్ లేదని వచ్చింది. ఆ డబ్బు నా జేబులోంచే ఇచ్చాను. ఒక్క చార్జ్‌బ్యాక్ కూడా లేదు. మీ ఫీజు మాత్రం అన్నింటి మీదా లెక్కగట్టి ఉంది.

అన్నింటికంటే బాధ కలిగించింది ఇది: నాకు ఇవ్వకుండా ఆపినా, కస్టమర్ల దగ్గర తీసుకోవడం మీరు ఆపలేదు. మార్చి 16న పేమెంట్ బటన్ నేనే తీసేశాను. మొన్న సంచులు కుట్టిచ్చే ఆవిడ వచ్చి, బిల్లు బల్ల మీద పెట్టి గంటసేపు కూర్చుంది. డ్యాష్‌బోర్డు తెరిచి చూపించాను. "డబ్బు కనిపిస్తోంది కదా, మరి ఇవ్వరేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

దయచేసి హోల్డ్ పెట్టిన కారణం రాతపూర్వకంగా తెలపండి. ఏదైనా లావాదేవీ మీద అనుమానం ఉంటే దాని ఐడీ చెప్పి, అంతవరకే ఆపి, డెలివరీ అయిన మిగతా వాటి డబ్బు విడుదల చేయండి. రిజర్వుగా కొంత ఉంచుకోవాలంటే ఎంత శాతమో, ఎన్నాళ్లో చెప్పండి, ఒప్పుకుంటాను. తేదీ లేని హోల్డ్‌ను మాత్రం ఒప్పుకోలేను.

ఏడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఈ ఉత్తరం, పాత మెయిళ్లు కలిపి మీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా తేలకపోతే మీ మీద నియంత్రణ ఉన్న సంస్థకు పంపుతాను.

ఇట్లు,
దుకాణం యజమాని

జతపరిచినవి: 187 ఆర్డర్ల పట్టిక, డెలివరీ రుజువులు, ఆరు రిఫండ్ల బ్యాంకు రసీదులు, మీతో నడిచిన మెయిళ్లు