2026 గోడ క్యాలెండర్: ప్రెస్సులో లేఅవుట్ చేసే తమ్ముడికి

తమ్ముడూ, అంగడిలో ఫోన్లో చెబితే సగం వినపడదు, అందుకే అంతా కాగితం మీద పెట్టి పంపుతున్నా. దీన్ని పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు. మన క్యాలెండర్ పన్నెండు షీట్లు, పైన టిన్ను రిమ్ము, తగిలించడానికి తాడు. షీటు 15 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. 1500 కాపీలు.

ముందు ఒక్క మాట. తిథి, నక్షత్రం, వర్జ్యం చూడాలంటే ప్రతి ఇంట్లో పంచాంగం ఉంది, ఫోన్లోనూ ఉంది. మా ఖాతాదారులు క్యాలెండర్ అడిగేది రాసుకోవడానికి. పాలవాడు రాని రోజు, గ్యాస్ బుక్ చేసిన రోజు, చీటీ పాట, ఆవును డాక్టరుకు చూపించిన రోజు, అన్నీ గళ్ళలోనే రాస్తారు. కాబట్టి ఎక్కడైనా అచ్చు అక్షరానికీ ఖాళీకీ పోటీ వస్తే ఖాళీనే గెలిపించు.

కొలతలు ఇవీ. పై నుంచి రిమ్ముకు అర అంగుళం, దేవుడి బొమ్మా నెల పేరూ కలిపి 4 అంగుళాలు, వారాల పట్టీ అర అంగుళం, గళ్ళకు 10.5 అంగుళాలు, రాసుకునే జాగా 2.5, అంగడి ప్రకటన 1.5, అడుగున అర అంగుళం మార్జిన్. కూడితే సరిగ్గా 20 వస్తుంది. రెండు పక్కలా అర అంగుళం వదిలితే గళ్ళకు 14 అంగుళాలు మిగులుతుంది, అంటే ఒక్కో గడి 2 అంగుళాల వెడల్పు. వారం ఆదివారంతో మొదలవ్వాలి. సోమవారంతో మొదలయ్యేవి ఆఫీసులకు బాగుంటాయేమో, మనవాళ్ళ కళ్ళకు అలవాటు లేదు.

అయిదు వరసల నెలల్లో గడి ఎత్తు 2.1 అంగుళాలు. తేదీ అంకె ఎడమ పై మూలలో, 0.6 అంగుళాల ఎత్తు, మంచం మీద నుంచి కనపడేంత లావుగా. పండగ పేరు గడి అడుగున 0.4 అంగుళాల పట్టీలో ఒకటే వరస. నడుమ అంగుళం పైచిలుకు ఖాళీ. పౌర్ణమికి ఖాళీ సున్నా, అమావాస్యకు నిండు చుక్క, అవి కుడి పై మూలలో. అంతకు మించి గడిలో ఏమీ రాకూడదు. రాహుకాలం ప్రతి గడిలోనూ తిప్పి తిప్పి వేయొద్దు, అది వారానికి కట్టుబడినదే కదా. వారాల పట్టీలో పేరు కింద ఒక్కసారి వేస్తే నెలంతటికీ సరిపోతుంది:

ఆది 4.30–6.00, సోమ 7.30–9.00, మంగళ 3.00–4.30, బుధ 12.00–1.30, గురు 1.30–3.00, శుక్ర 10.30–12.00, శని 9.00–10.30.

ఇప్పుడు అసలు చిక్కు. 2026లో మూడు నెలలు గళ్ళకు లొంగవు. ఫిబ్రవరి ఆదివారం మొదలై శనివారం ముగుస్తుంది, సరిగ్గా నాలుగు వరసలే. మే శుక్రవారం, ఆగస్టు శనివారం మొదలవుతాయి, రెంటికీ ఆరో వరస కావాలి. ఆరో వరస తప్పించుకోవడానికి ప్రెస్సుల్లో చేసేది నీకు తెలిసిందే, 24 గడిలోనే అడ్డగీత పెట్టి 31 ఇరికిస్తారు. నాకది ససేమిరా వద్దు. మే 31 ఆదివారం పౌర్ణమి. ఆ నెలలో 1న ఒక పౌర్ణమి, 31న మరొకటి. ఇరికిస్తే రెండో సున్నాకు చోటే ఉండదు. ఆగస్టులో 30, 31 పోతాయి. 31 సంకటహర చతుర్థి, కాణిపాకం వెళ్ళేవాళ్ళు మొదట వెతికేది ఆ గడినే. అందుకని ఆ రెండు నెలల్లో ఆరు వరసలూ వెయ్యి, ఎత్తు 1.75కు దించు. అంకె, పండగ పట్టీ పోగా ముప్పావు అంగుళం మిగులుతుంది, ఒక మాట రాసుకోవడానికి చాలు.

ఫిబ్రవరిలో మాత్రం గళ్ళను సాగదీయొద్దు. పెద్ద గళ్ళ మోజు నీకుంటుంది, చూడ్డానికీ బాగుంటుంది, కానీ మిగతా నెలలతో కలవదు. గడి 2.1 అంగుళాలే ఉంచు, మిగిలిన వరసను కింది జాగాలో కలిపెయ్యి, 4.6 అంగుళాలు అవుతుంది. ఇంటర్ పరీక్షలు దగ్గరపడే కాలం, దానికి "పిల్లల పరీక్షల తేదీలు" అని తలకట్టు పెట్టు. నమూనాగా ఆ షీటు మొత్తం కింద ఇస్తున్నా, మిగతావి ఇదే పద్ధతిలో పోవాలి.

| ఆది | సోమ | మంగళ | బుధ | గురు | శుక్ర | శని |
|---|---|---|---|---|---|---|
| 1 ○ పౌర్ణమి | 2 | 3 | 4 | 5 సంకటహర చతుర్థి | 6 | 7 |
| 8 | 9 | 10 | 11 | 12 | 13 ఏకాదశి | 14 |
| 15 మహాశివరాత్రి | 16 | 17 ● అమావాస్య | 18 | 19 | 20 | 21 |
| 22 | 23 | 24 | 25 | 26 | 27 ఏకాదశి | 28 |

రంగుల సంగతి. ఆదివారాలూ సెలవులూ ఎరుపు అంకె, మిగతావి నలుపు. అయితే ఈసారి శివరాత్రి ఆదివారమే, నవంబరు 8 దీపావళి కూడా ఆదివారమే. ఎరుపు మీద ఎరుపు పడి పెద్ద పండగలు మామూలు ఆదివారాల్లో కలిసిపోతాయి. పెద్ద పండగ ఏ వారం వచ్చినా గడి అడుగు పట్టీకి పసుపు రంగు నింపు, గడి మొత్తానికి కాదు. పసుపు మీద పెన్ను బాగానే పడుతుంది కానీ చూసేవాడికి అక్కడ ముందే ఏదో రాసినట్టు ఉంటుంది, రాయడానికి చెయ్యి రాదు.

రంజాన్‌కూ బక్రీద్‌కూ నెలవంక తేల్చాలి కాబట్టి ఒక్క గడికి కట్టేయకు. మార్చి 20, 21 గళ్ళు రెంటి కిందా కలిపి ఒక చుక్కల అంచు పట్టీ, నడుమ "రంజాన్" అని. మే 27, 28కి అలాగే "బక్రీద్". ఏ రోజన్నది తేలాక ఇంట్లోవాళ్ళే చుట్టేసుకుంటారు.

ఒక్కరోజుతో పోని ఉత్సవాలకు గడిలో పేరు కాకుండా వరస పొడవునా సన్నటి పట్టీ లాగు. జనవరి 1 నుంచి 8 వరకు తిరుమల వైకుంఠ ద్వార దర్శనం ఒకటి (డిసెంబరు 30న మొదలైనది). సెప్టెంబరు 14 వినాయకచవితి నుంచి కాణిపాకం ఉత్సవాలు 21 రోజులు, అంటే అక్టోబరు 4 దాకా, పట్టీ షీటు దాటి రెండో నెలలోకి పోతుంది, అక్కడ బాణం గుర్తు పెట్టు. శ్రీవారి బ్రహ్మోత్సవాలకు దేవస్థానం క్యాలెండర్లో ఉన్న తొమ్మిది రోజులకూ పట్టీ వేసి, అయిదో రోజు గడిలో "గరుడ సేవ", తొమ్మిదో రోజు "చక్రస్నానం" అని చాలు. వాహనాలన్నీ వరసగా రాస్తే పుణ్యమే గానీ రాసుకునే చోటు పోతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు తేదీని గుడి దగ్గర అడిగి చెబుతా. ఆ వారం మే షీట్లో ఎక్కువ ఖాళీ కావాలి, ఏ రోజు ఏ వేషం, ఎవరు వస్తున్నారు, అన్నీ మా ఆడోళ్ళు అందులోనే రాస్తారు.

నెలవారీ పండగ పట్టీలు, ఇవే అక్షరాలతో:

జనవరి: 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ, 18 అమావాస్య, 25 రథసప్తమి, 26 గణతంత్ర దినోత్సవం.
మార్చి: 3 హోలీ, చంద్రగ్రహణం, 19 ఉగాది, 27 శ్రీరామనవమి.
ఏప్రిల్: 3 గుడ్ ఫ్రైడే, 14 అంబేడ్కర్ జయంతి, తమిళ సంవత్సరాది.
మే: 1 మేడే, 17 అధిక జ్యేష్ఠం మొదలు.
జూన్: 15 అధికమాసం ముగింపు.
జూలై: 25 తొలి ఏకాదశి, 29 గురుపౌర్ణమి.
ఆగస్టు: 15 స్వాతంత్ర్య దినోత్సవం, 28 రాఖీ, 31 సంకటహర చతుర్థి.
సెప్టెంబరు: 4 కృష్ణాష్టమి, 14 వినాయకచవితి.
అక్టోబరు: 2 గాంధీ జయంతి, 20 విజయదశమి.
నవంబరు: 8 దీపావళి, 24 కార్తిక పౌర్ణమి.
డిసెంబరు: 16 ధనుర్మాసం, 20 వైకుంఠ ఏకాదశి, 25 క్రిస్మస్.

ఉగాది గడిలో "శ్రీ పరాభవ" అని సంవత్సరం పేరు చిన్నగా చేర్చు. పేరు చూసి కొందరు మొహం చిట్లిస్తారు, ఏం చేస్తాం, అరవైలో దాని వంతు అది. శ్రావణ శుక్రవారాలు ఆగస్టు 14, 21, 28, సెప్టెంబరు 4, 11. వీటికి చిన్న తామర గుర్తు చాలు, వరలక్ష్మీ వ్రతం ఎవరింట్లో ఏ శుక్రవారం కుదిరితే ఆ గడిలో వాళ్ళే రాసుకుంటారు. పెరటాసి శనివారాలకు సెప్టెంబరు 19 నుంచి నామం గుర్తు. తమిళ సంవత్సరాదీ పెరటాసీ మరిచిపోవద్దు, చిత్తూరు వైపు ఖాతాదారుల్లో తమిళం మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. కార్తిక సోమవారాలు నవంబరు 16, 23, 30, డిసెంబరు 7, దీపం గుర్తు.

మార్చి 3 గ్రహణం సాయంత్రం 6.47కు విడుస్తుంది, చంద్రుడు మనకు గ్రహణంతోనే ఉదయిస్తాడు. షీటు అడుగున ఒక వరస వెయ్యి: "గ్రహణ సమయంలో తిరుమల ఆలయం మూసి ఉంటుంది, శ్రీకాళహస్తి ఆలయం తెరిచే ఉంటుంది." ఊరి నుంచి చుట్టాలు వచ్చి కొండెక్కుదామంటే ఈ ఒక్క వరస పనికొస్తుంది. ఆ ఏడాది మిగతా గ్రహణాలు మనకు కనపడవు, వేయొద్దు.

కింది రాసుకునే జాగాలో ఎడమ వైపు మూడింట రెండు వంతులు గీతలు, గీతకూ గీతకూ 0.4 అంగుళం. పెద్దవాళ్ళ చేతిరాత అంతకంటే ఇరుకులో పట్టదు. కుడి వంతులో మూడు మాటలు మాత్రం అచ్చు వెయ్యి: "గ్యాస్ బుక్ చేసింది", "కరెంటు బిల్లు", "చీటీ". ఎదురుగా గీత. పాలకు వేరే గళ్ళు వద్దు, రోజు గడిలోనే "అర", "ముప్పావు" అని రాయడం అందరికీ అలవాటు. గీతల రంగు బూడిద, 20 శాతం. 10 పెడితే మాప్‌లితో కాగితం మీద ఎగిరిపోతుంది, నలుపు పెడితే రాత కనపడదు.

కాగితం 100 జీఎస్ఎం మాప్‌లితో. ఆర్ట్ పేపర్ మీద బొమ్మ మెరుస్తుంది, ఒప్పుకుంటా, కానీ జెల్ పెన్ను సిరా ఆరక చెయ్యి తగిలితే పూసుకుపోతుంది. పైగా ఏడాది అయ్యాక ఈ షీట్లు పిల్లల పుస్తకాలకు అట్టలవుతాయి, వెనక తెలుపు మీద లెక్కలు చేస్తారు. దేవుడి బొమ్మ పై 4 అంగుళాల్లోనే ఉండాలి. గళ్ళ వెనక లేత నీడలా స్వామిని పరచొద్దు. దేవుడి మీద పాల లెక్క రాయడానికి ఎవరికీ మనసొప్పదు, గళ్ళన్నీ ఖాళీగానే మిగిలిపోతాయి.

అక్షరాల దగ్గర ఒక జాగ్రత్త. "కృష్ణాష్టమి", "అధిక జ్యేష్ఠం" లాంటి వాటిలో వత్తులు కిందికి దిగి గడి గీతను తాకుతాయి. పట్టీలో అక్షరాన్ని కొంచెం పైకెత్తి పెట్టు, సైజు తగ్గించకు. "స్వాతంత్ర్య దినోత్సవం" ఒక వరసలో పట్టకపోతే "స్వాతంత్ర్య దినం" చెయ్యి, అక్షరాలను నొక్కి సన్నం చేయొద్దు. అంగడి ప్రకటన పోయినేడాది బ్లాకే, ఫోన్ నంబరు మారలేదు.

ప్రూఫ్ పంపేటప్పుడు పన్నెండూ వద్దు. ఫిబ్రవరి, మే రెండే అసలు సైజులో, అదే మాప్‌లితో మీద తీసి పంపు. ఇక్కడ గోడకు తగిలించి, బాల్ పెన్నుతో, జెల్ పెన్నుతో మే నెల ఆరో వరసలో రాసి చూస్తా. ఆ గడిలో "పాలు రాలేదు" అని మా అత్త చేతిరాత పడితే మిగతా షీట్లకు ప్లేట్లు వేసుకోవచ్చని ఫోన్ చేస్తా.

— అక్క, అంగడి నుంచి, తిరుపతి