ఛార్జీల మార్పు నోటీసు: రెండో ప్రూఫ్‌పై మా దిద్దుబాట్లు, సందేహాలు

ఖాతాదారుల సమాచార విభాగానికి,

అచ్చుతప్పులు మార్జిన్‌లోనే దిద్దేశాం. కింద రాసినవి మీరు తేల్చాల్సినవి. వీటికి జవాబు వచ్చేదాకా కాపీని ప్రెస్‌కు వదలకండి.

ముందు తేదీలు. "మార్పుకు 30 రోజుల ముందే తెలియజేస్తున్నాం" అని మొదటి పేరాలో ఉంది. నోటీసు తేదీ 10 జూన్ 2026, అమలు 1 జూలై 2026. మధ్య ఉన్నది 21 రోజులే. అమలు తేదీని జరపాలా, వాక్యాన్ని తీసేయాలా? తీసేస్తే నోటీసులో అబద్ధం ఉండదు గానీ, గడువు నిబంధన ఏదైనా ఉంటే అది తీరినట్టు కాదు. లీగల్ వాళ్లను అడగండి.

పేరాలో "జూలై 1 నుంచి", పట్టిక పైన "జూలై 1 తర్వాత" అని ఉన్నాయి. రెండోదాని ప్రకారం ఒకటో తేదీన పాత రేటే పడాలి. అన్నిచోట్లా "నుంచి" అని పెట్టాం. 01/07/26ని కొందరు జనవరి 7 అని చదువుతారు, అందుకే నెల పేరు రాశాం. పక్కనున్న "సోమవారం" తప్పు, ఆ రోజు బుధవారం. వారం పేరుతో ఇక్కడ పనేమీ లేదు, కొట్టేశాం.

డెబిట్ కార్డు వార్షిక ఛార్జీ రూ.250, 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.290 అన్నారు. 250కి 45 కలిపితే 295. అయినా మేం దిద్దలేదు. తప్పు మొత్తంలో ఉందో, అసలు రేటులోనే ఉందో సర్క్యులర్ చూస్తేగాని తెలియదు. మిగతా వరుసల్లో జీఎస్టీ ఊసే లేదు. "పన్ను అదనం" అని పట్టిక కింద ఒక్క లైను వేస్తే చాలు, నిజం అదే అయితే.

నగదు జమ శ్లాబుల్లో "రూ.25,000 వరకు", "రూ.25,000 నుంచి రూ.1,00,000 వరకు" అని ఉంది. సరిగ్గా 25,000 జమచేసినవారికి ఏ రేటు? కౌంటర్ దగ్గర గొడవయ్యేది ఇక్కడే. రెండోదాన్ని "రూ.25,000 మించి, రూ.1,00,000 వరకు" అని మార్చాం. లక్షను మూడు రకాలుగా రాశారు (1,00,000, 100,000, 1 లక్ష). మొదటిదే ఉంచాం.

"తొలి 4 విత్‌డ్రాయల్స్ ఉచితం ఆపై ఒక్కోదానికి రూ.20" అన్నచోట "ఉచితం" తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టాం. నెలకా, మూడు నెలలకా అన్నది ఎక్కడా లేదు, చెప్పండి.

"60 ఏళ్లు నిండిన పింఛనుదారులు, దివ్యాంగులకు మినహాయింపు" అన్న వాక్యంలో వయసు షరతు ఇద్దరికీనా? కాకపోతే ఇలా ఉండాలి: "దివ్యాంగులకు, 60 ఏళ్లు నిండిన పింఛనుదారులకు మినహాయింపు." "వసూలు చేయబడును" అన్నవన్నీ "వసూలు చేస్తాం" అయ్యాయి.

జవాబులతోపాటు సర్క్యులర్ కాపీ కూడా పంపండి. మూడో ప్రూఫ్‌లో ఒకరు దాన్ని పైకి చదువుతుంటే మరొకరు పట్టికలో అంకెలు సరిచూస్తారు.

— ప్రూఫ్ విభాగం