వాననీటి నుంచి మతిమరుపు దాకా: ఉగాది సాయంత్రపు మాటల గొలుసులు

ఉగాది సాయంత్రం ఆరున్నరకు, చెన్నై వేలచ్చేరిలో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఆడే ఆట ఇది. ఎనిమిది కుటుంబాలు, రెండు జట్లు: వేపపువ్వు, కొత్తబెల్లం. చింతపండు పేరుతో మూడో జట్టు కడదామంటే చేరడానికి ఒక్కరూ రాలేదు. ఆధారాలు నేనే గట్టిగా చదువుతాను, కాగితాలు పంచను. మన పిల్లల్లో సగం మందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఈ ఆటకు చెవి చాలు.

పద్ధతి ఇది. ఒక్కో ఆధారానికి జవాబు ఒక్కో సమాసం. ఒక సమాసంలోని రెండో మాటతో తరువాతి సమాసం మొదలవ్వాలి. దాని రెండో మాటతో ఆ పైది. ముందు నేను ఒక గొలుసు అల్లి చూపిస్తాను, వినండి:

పూలతోట – తోటకూర – కూరగాయ – కాయకష్టం – కష్టసుఖాలు – సుఖనిద్ర – నిద్రమాత్ర – మాత్రాఛందస్సు

తోటలో బయలుదేరి ఛందస్సులో తేలాం. దారిలో రెండు మాటలు వేషం మార్చాయి, గమనించారా? కూరగాయలో కాయ చెట్టుకు కాసినది. కాయకష్టంలో కాయం మన ఒళ్ళు. నిద్రమాత్రలో మాత్ర మందుల దుకాణంలో దొరుకుతుంది, మాత్రాఛందస్సులో మాత్ర కనురెప్పపాటు కాలం. ఇలాంటి కీలు దొరికితేనే ఆటకు రుచి. తోట తోటగానే, కష్టం కష్టంగానే సాగిపోయే గొలుసు ఎంత పొడవున్నా నిఘంటువు పేజీలు తిప్పినట్టే ఉంటుంది. అందుకని మార్కులు ఇలా పెట్టాను: ఒక్కో సమాసానికి ఒకటి. అర్థం మారిన చోటును ముందుగా పట్టుకుని ‘మలుపు’ అని అరిచిన జట్టుకు అదనంగా రెండు.

పోయినసారి సగం సమయం సంధుల తగాదాకే సరిపోయింది. ఈసారి ముందే చెబుతున్నాను. కూర, కాయ కలిస్తే కూరగాయ అవుతుంది. క కాస్తా గ అయినంత మాత్రాన ‘గాయ’తో మొదలయ్యే మాట కోసం వెతకనక్కరలేదు. ఇది గసడదవాదేశం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికిచ్చిన ఉదాహరణల్లో కూరగాయలు, కాలుసేతులు, తల్లిదండ్రులు ఉన్నాయి. ఆయన ఈ ఊళ్ళోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు కాబట్టి మన మేడ మీద ఆయన మాటే చెల్లుతుంది. అలాగే నీరు నీటి అయినా, రాయి రాతి అయినా, చివర దీర్ఘం వచ్చినా, బహువచనం తగిలినా అదే మాటగా లెక్క.

సొంతంగా అతికించిన సమాసాలు చెల్లవు. ‘మేడమబ్బు’ అందంగానే ఉంది గానీ కూరగాయల బండివాడితో అంటే అతనికి అర్థం కావాలి కదా! సంస్కృతపు మాట, తెలుగు మాట కలిసినా అభ్యంతరం లేదు, మిశ్ర సమాసానికి సూరి గారే చోటిచ్చారు. ఇంగ్లీషు మాట తెలుగు మాటతో కాపురం చేసి పాతబడితే దానికీ అనుమతి ఉంది, రైలుబండి లాగా. 1856లో మన రాయపురం నుంచి తొలి రైలు కదిలింది, 1858లో బాలవ్యాకరణం వచ్చింది. రెండూ ఒకే ఊరివి, ఒకే కాలానివి. బండిని అంత తొందరగా తగిలించుకున్న రైలును ఇప్పుడు పరాయిదంటే బాగుండదు.

తుది తీర్పు మూడో అంతస్తు తాతగారిది. నిఘంటువు ఆయన ఒళ్ళో ఉంటుంది. ఆయన తల ఊపితే చెల్లినట్టు.

మొదటి గొలుసు, చేయి తిరగడానికి. మొదటి మాట ఉగాది.

ఒకటి: ఈ పొద్దున అందరి నాలుకకూ తగిలింది.
రెండు: మిక్సీ వచ్చాక వంటింట్లో ఉద్యోగం పోయి, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పడుతున్నది.
మూడు: ఎంత చెప్పినా బుర్రకెక్కని వాణ్ణి దీనితో పోలుస్తాం.
నాలుగు: ఎదుట ఎవరు ఏడ్చినా కరగదు.
అయిదు: పండగ ముందురోజు టి.నగర్‌ రంగనాథన్ వీధిలో అడుగు పెట్టాలంటే ఇది కావాలి.
ఆరు: రాకుమారుల కథల్లో ఇవి జంటగానే కనబడతాయి.
ఏడు: ఓడ మీద కావచ్చు, గుర్రం మీద కావచ్చు. ఆఫీసుకు వెళ్ళడం దీని కిందకు రాదు, నవంబరు వానల్లో తప్ప.
ఎనిమిది: కంచి, కాళహస్తి, తిరుత్తణి, మూడూ ఇవే.
తొమ్మిది: మయిలాపూర్ పేరులో నెమలి ఎందుకుందో అడిగితే కపాలీశ్వరుడి గుడిలో చెప్పేది.

రెండో గొలుసు నాకు ముద్దు. దీని కోసమే మిగతావి రాశాను. మొదటి మాట వాన. మూడు మలుపులున్నాయి, ఎక్కడో చెప్పను.

ఒకటి: తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనమూ దీన్ని పట్టి నేలలోకి ఇంకించాలి. మన భవనం గొట్టం ఎక్కడుందో తెలిసినవారు చేయెత్తండి.
రెండు: 2019 జూన్‌లో మన జలాశయాలు ఎండినప్పుడు ట్యాంకరు అడుగున ఇదైనా మిగులుతుందేమోనని బిందె పట్టుకు నిలబడ్డాం.
మూడు: స్నానాల గది అద్దం మీద దీన్ని అంటించి మరచిపోయేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.
నాలుగు: మన పక్కింటివారు నిత్యకల్యాణి అంటారు. రక్తక్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు దీని నుంచే వచ్చింది. మనం పేరులో నాణేన్ని పెట్టుకున్నాం.
అయిదు: పచ్చటి పూల చెట్టుది. పిల్లలూ, విషం. చేత్తో కూడా తాకవద్దు.
ఆరు: పక్కింటి సాంబారుకు దగ్గరి చుట్టం. ఏది పెద్దదన్న వాదన భోజనాల దగ్గర పెట్టుకుందాం.
ఏడు: శ్రావణ శుక్రవారం కథలో వరలక్ష్మి ఈమె కలలోకి వచ్చింది.
ఎనిమిది: గ్యాసు కట్టేశానా లేదా అని మెట్లన్నీ దిగాక పట్టుకునేది.

మూడోది గొలుసు కాదు, కంకణం. చివరి మాట వచ్చి మొదటి మాటను పట్టుకుంటుంది. అందుకే మొదటి మాట చెప్పను. ఏడు ఆధారాలు ఒకేసారి చదువుతాను, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు. బ్రహ్మంగారు చెప్పినది. 1970కి విశ్వనాథ సత్యనారాయణ, 1988కి సి. నారాయణరెడ్డి, 2012కి రావూరి భరద్వాజ అందుకున్న పురస్కారం పేరు. మనం సముద్రపుటొడ్డున చెమటలు కక్కుతుంటే బెంగళూరు వారు తొమ్మిది వందల మీటర్లకు పైన దీని మీద చల్లగా కూర్చున్నారు. ఇల్లు కట్టబోయే ముందు కొబ్బరికాయ కొట్టించేది. అది చేసినందుకు దక్కేది. రైతుకు దక్కేది. మనం ఇప్పుడు కూర్చున్న వేళ.

ఇక్కడి నుంచి జవాబులు. ఈ కాగితం నా చేతిలోనే ఉంటుంది, వెనక నుంచి తొంగిచూసే మేనల్లుళ్ళకు మార్కులు తగ్గుతాయి.

మొదటిది: ఉగాదిపచ్చడి, పచ్చడిబండ, బండరాయి, రాతిగుండె, గుండెధైర్యం, ధైర్యసాహసాలు, సాహసయాత్ర, యాత్రాస్థలం, స్థలపురాణం. అయిదోదానికి ఎవరో తప్పకుండా ‘గుండెనిబ్బరం’ అంటారు. మంచి మాటే, మార్కు ఇస్తాను. కానీ నిబ్బరం నుంచి ఆరో ఆధారానికి దారి లేదు, కాబట్టి ధైర్యం అని నేనే చెప్పి ముందుకు నడిపిస్తాను. నెమలి కథ తెలియని పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పాలి: పార్వతి నెమలిగా మారి ఇక్కడ పొన్నచెట్టు కింద శివుణ్ణి కొలిచిందట, తమిళంలో మయిల్ అంటే నెమలి. ఈ గొలుసులో మలుపు ఒక్కటీ లేదు. పచ్చడి నుంచి పురాణం దాకా బుద్ధిగా నడుస్తుంది. అందుకే దీన్ని ముందు పెట్టాను.

రెండోది: వాననీరు, నీటిబొట్టు, బొట్టుబిళ్ళ, బిళ్ళగన్నేరు, గన్నేరుపప్పు, పప్పుచారు, చారుమతి, మతిమరుపు.

మలుపులు చూడండి. నీటిబొట్టులో రాలిపడేది, బొట్టుబిళ్ళలో నుదుట కూర్చున్నది. గన్నేరుపప్పులో పప్పు గింజలోపలి పలుకు, పప్పుచారులో కందిపప్పు. చంపేది ఒకటి, అన్నంలో కలుపుకునేది ఒకటి, పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇక చారు సంగతి! పప్పుచారులో పొగలు కక్కుతున్న చారు ఒక్క గంతులో సంస్కృతంలోకి దూకి ‘అందమైన’ అయి కూర్చుంది. చారుమతి అంటే చక్కటి బుద్ధి గలది. రసం తాగే బుద్ధి కాదు. ఈ కీలు నాకు పోయిన శ్రావణంలో వ్రతం దగ్గర తట్టింది. కథ వింటూ నవ్వేసరికి మా ఆవిడ అక్షింతలు నా మీదకే విసిరింది. బిళ్ళ దగ్గర కూడా ‘మలుపు’ అని అరుస్తారు. అది చెల్లదు. నుదుటి మీదిదైనా పూవుదైనా బిళ్ళ గుండ్రంగానే ఉంది. ఇంకొక మాట: గన్నేరుపప్పు పచ్చగన్నేరుది, బిళ్ళగన్నేరుది కాదు. మాట కలిసింది గానీ చెట్టు కలవలేదు. మొక్కలు పెంచే రెండో అంతస్తు పిన్నిగారు లేచి నిలబడక ముందే ఈ ముక్క చెప్పేయాలి.

కంకణం: కాలజ్ఞానం, జ్ఞానపీఠం, పీఠభూమి, భూమిపూజ, పూజాఫలం, ఫలసాయం, సాయంకాలం, తిరిగి కాలజ్ఞానం. ఇందులో నిజమైన మలుపు సాయం ఒక్కటే. పొలంలో పండినది చటుక్కున పొద్దుగుంకింది. పీఠం మీద గొడవ వస్తుంది. కూర్చునే పీఠానికీ బెంగళూరు కింది పీఠానికీ తేడా లేదా అంటారు. ఎత్తుగా ఉండి పైన చదునుగా ఉన్నది ఏదైనా పీఠమే, కనుక మలుపు కాదు. పూజకు దక్కే ఫలం, పొలంలో దక్కే ఫలం విషయంలో నాకే సందేహంగా ఉంది. తాతగారికి వదిలేస్తున్నాను.

మార్కులు సమానమైతే ఆధారాలు ఉండవు. నేను ‘గొలుసు’ అంటాను, జట్లు వంతులవారీగా అల్లాలి. ఆలోచనకు పది లెక్కపెడతాను. ఎక్కడ ఆగితే అక్కడ ఎదుటి జట్టు గెలిచినట్టు. ఎవరూ కదలకపోతే అందించడానికి నా జేబులో ఒకటి ఉంది: గొలుసుకట్టు, కట్టుబట్టలు, బట్టతల, తలరాత, రాతకోతలు, కోతకాలం. బట్ట దగ్గర మలుపును నా వైపు చూడకుండా అరవాలని మనవి. కాలం దాకా వచ్చారంటే ఎవరో ఒకరు కాలజ్ఞానం అందుకుని కంకణంలో పడి తిరుగుతూనే ఉంటారు. కాబట్టి అక్కడ గంట కొట్టి, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా గెలిచినవారి చేతిలో పెట్టి, అందరినీ పులిహోర వైపు లేపాలి.