ఏప్రిల్ 1 నుంచి మీ వెబ్‌సైట్ నిర్వహణ ఫీజులో మార్పు

నమస్కారం అండీ,

ఆరేళ్లుగా మీ వెబ్‌సైట్ బాధ్యత నాకు అప్పగించారు. అందుకే ఈ విషయం మీరు బిల్లు చూసి తెలుసుకోకుండా, రెండు నెలల ముందే నేరుగా చెబుతున్నాను.

ఏప్రిల్ 1 నుంచి నెలవారీ నిర్వహణ ఫీజు 12 శాతం పెరుగుతుంది. అంటే ఇప్పుడు 100 కడుతున్న చోట 112 అవుతుంది. కొత్త పేజీల డిజైన్‌కు గంట రేటు 15 శాతం పెరుగుతుంది. బ్యాకప్‌లకు, సెక్యూరిటీ అప్‌డేట్లకు ఎప్పటిలాగే విడిగా ఏమీ తీసుకోను.

మూడేళ్లుగా రేటు మార్చలేదు. ఈలోగా హోస్టింగ్, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల ఖర్చు పెరుగుతూ వచ్చింది, ఆ తేడా నేనే భరించాను. ఇంకా అలాగే లాగితే పనిలో ఎక్కడో కోత పెట్టాల్సి వస్తుంది. అర్ధరాత్రి సైట్ ఆగిపోయినా వెంటనే లేచి చూసే పద్ధతిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మార్చి 31లోపు ఒప్పుకున్న పనులు, తర్వాత పూర్తయినా సరే, పాత రేటుకే చేస్తాను. ఆ తేదీలోపు ఏడాది ఫీజు ఒకేసారి కడితే ఏడాదంతా పాత రేటే. ఈ వెసులుబాటు పాత క్లయింట్లకు మాత్రమే.

బడ్జెట్‌కు ఇబ్బందైతే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. మీకు అంతగా అవసరం లేని పనులు తగ్గించి ఫీజు సర్దగలమేమో కలిసి చూద్దాం.

కృతజ్ఞతలతో,
మీ వెబ్ డెవలపర్