గ్రామ పాల సహకార సంఘంలో చేరండి: పాడి రైతుల సభలో ప్రసంగం

పెద్దలకు, పాడి రైతు సోదర సోదరీమణులకు నమస్కారం.

మనం తెల్లవారకముందే లేచి, పేడ తీసి, మేత వేసి, పాలు పితికి క్యాన్ నింపుతున్నాం. కానీ ఆ పాలకు ఎంత ధర కట్టాలో, ఆ డబ్బు ఏ రోజున ఇవ్వాలో నిర్ణయించేది మాత్రం కొనేవారే. ఈ రెండింటినీ మన చేతిలోకి తెచ్చుకోవడానికే పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో చేరమని ఏర్పాటు కమిటీ తరఫున మిమ్మల్ని కోరుతున్నాను.

పాలను కంటితో చూసి వెలకట్టడం న్యాయం కాదు. ఒకే గేదె పాలలో కూడా మొదటి ధారల కంటే చివరి ధారల్లో వెన్న ఎక్కువగా ఉంటుంది కాబట్టి, చివరి పాలు దూడకు వదిలిన పూట వెన్న శాతం తగ్గుతుంది. అందుకే మన కేంద్రంలో వెన్న శాతాన్నీ, వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతాన్నీ, అంటే ఎస్.ఎన్.ఎఫ్.నూ కొలిచి, గోడకు అంటించిన పట్టిక ప్రకారం ధర కడతారు. నిలకడగా ఉన్న పాలలో వెన్న పైకి తేలుతుంది. కలపకుండా అడుగు పాలు తీసి పరీక్షిస్తే నష్టపోయేది మీరే. శాంపిల్ తీసే ముందు క్యాన్ బాగా కలపమని అడగండి, అది మీ హక్కు. కొలత, శాతం, ధర రాసిన చీటీ ఏ పూటకాపూట మీ చేతికి వస్తుంది.

డబ్బు పదిహేను రోజులకోసారి, ముందే ప్రకటించిన తేదీన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ తేదీ తెలిస్తే దాణా కోసం వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆయన చెప్పిన ధరకే పాలు పోయాల్సిన అవసరం ఉండదు. గొడ్ల చాకిరీ చేసే ఆడవాళ్ల పేరుమీదే సభ్యత్వం, ఖాతా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఒక విషయం దాచకుండా చెబుతాను. పాలు తగ్గే రోజుల్లో బయటి వ్యాపారి సంఘం కంటే ఎక్కువ ఇస్తానని రావచ్చు. పాలు పుష్కలంగా ఉన్న రోజుల్లో ఆయనే ధర తగ్గిస్తాడు, లేదా పాలే వద్దంటాడు. సంఘం ఏడాది పొడవునా పాలు తీసుకోవాలంటే మనమూ ఏడాది పొడవునా సంఘానికే పోయాలి. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు దళారీలకు పాలు పోయడం మానేసి సొంత సహకార సంఘాలు పెట్టుకోగలిగింది ఇలా కట్టుగా నిలబడినందువల్లే.

ఒక్క పాడి గొడ్డు ఉన్నవారికైనా, పది ఉన్నవారికైనా ఓటు ఒక్కటే. సంవత్సరాంతంలో మిగులు ఉంటే, పోసిన పాలను బట్టి బోనస్ పంచుతాం.

సభ ముగిశాక ఈ బల్ల దగ్గరే దరఖాస్తులు ఇస్తాం. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పంచాయతీ కార్యాలయంలో పాలకవర్గాన్ని ఎన్నుకుంటాం. దరఖాస్తు నింపి, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేసి ఆ రోజుకు తీసుకురండి. నింపడం రానివారికి మా కమిటీ సభ్యులు ఇప్పుడే ఇక్కడ కూర్చుని రాసిపెడతారు.