జాకెట్టు పరిశీలన నివేదిక: రోల్ నంబరు 14

శిక్షణ కేంద్రం: గాజువాక, విశాఖపట్నం
కోర్సు: మహిళల దుస్తుల కుట్టుపని, ఆరు నెలల బ్యాచ్
కుట్టింది: లైనింగ్ జాకెట్టు, నాలుగు డాట్లు, మెడకు పైపింగ్, మోచేతికి పైన జరీ అంచు చేతులు
గుడ్డ: మంగళగిరి కాటన్, కాటన్ లైనింగు
ఇచ్చిన సమయం: 5 గంటలు
మార్కులు: కొలతలు 30, కుట్టు 30, ఫినిషింగ్ 25, సమయం 15. పాస్ కావాలంటే 60.

కొలతలు

జాకెట్టుకి హుక్కులు పెట్టి, బల్ల మీద పరిచి, ఎక్కడా లాగకుండా టేపు పెట్టి చూశాను. కొలతల కాగితంలో ఉన్నవి మనిషి కొలతలు కావు, కుట్టు పూర్తయ్యాక జాకెట్టుకి రావాల్సినవి. పావు అంగుళం అటూ ఇటూ అయితే తప్పు కింద లెక్కపెట్టలేదు.

పొడవు 14½, భుజం 14, నడుము 32, వెనక మెడ 9, చేతి చుట్టు 11½. ఇవన్నీ కాగితంలో ఉన్నట్టే వచ్చాయి. ఛాతీ 37½ ఉండాలి, 37¼ వచ్చింది. చేతి పొడవు 8 ఉండాలి, కుడిది 8, ఎడమది 8⅛. వీటిని తప్పులనను. తేడా వచ్చింది రెండు చోట్ల.

చంక చుట్టు 16½ ఉండాలి. కుడి వైపు సరిగ్గా ఉంది, ఎడమ వైపు 17 వచ్చింది. చెయ్యి 16½ కే కత్తిరించి ఉంది కాబట్టి, దాన్ని లాగి అతికించింది. అందుకే ఎడమ చేతి పైభాగం గుండ్రంగా నిలబడకుండా చదునుగా పడుకుంది. చెయ్యెత్తితే ఛాతీ వైపు ఒక ముడత లాగుతుంది. కారణం కత్తిరింపులోనే ఉంది. ముందు ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోయాల్సింది, విడివిడిగా కోసింది. దీనికి 5 మార్కులు తీశాను.

రెండోది ముందు మెడ లోతు. 7 ఉండాలి, 7⅜ వచ్చింది. దీనికి ఈ భాగంలో ఏమీ తీయలేదు, ఎందుకో కింద రాశాను. వచ్చినవి 30 కి 25.

కుట్టు

ఈ అమ్మాయి చేతిలో మంచి కుట్టు ఉంది. సైడు కుట్లు చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. అంగుళానికి 11 కుట్లు పడ్డాయి, కాటన్‌కి అంతే చాలు. పైదారం, అడుగుదారం రెండు వైపులా ఒకేలా కూర్చున్నాయి, ఎక్కడా దారం వదులవలేదు. ప్రతి కుట్టు మొదట్లోనూ చివర్లోనూ వెనక్కి రెండు కుట్లు వేసింది. సైడు మార్జిన్ అంగుళం పైనే ఉంచి, లోపల విడిగా ఇంకో వరస కుట్టింది. రేపు కట్టుకునేవాళ్ళు లావైతే పైవరస విప్పుకుంటే సరిపోతుంది. ఇది ఎవరూ చెప్పకుండానే చేసింది.

డాట్ల కొసలు రెండు కాస్త పొడుచుకొచ్చాయి. కొసలో వెనక్కి కుట్టకుండా దారం వదిలి చేత్తో ముడి వేసి ఉంటే సాఫీగా ఉండేది. దీనికి 1 తీశాను.

ఇక మెడ. పైపింగ్ పట్టీని గుడ్డ మూల నుంచి మూలకి పూర్తిగా ఏటవాలుగా కోయాలి. అలా కోస్తేనే సాగి, వంపు తిరుగుతుంది. తను కోసిన పట్టీ సగం ఏటవాలే. గుడ్డ మిగలాలని అలా కోసి ఉంటుంది. పట్టీ వంపు తిరక్కపోయేసరికి లాగి కుట్టింది, మెడ అంచు ముడతలు పడి లేచింది. విప్పి మళ్ళీ కుట్టింది. మెడ గుండ్రంగా కోసిన వెంటనే అంచు పొడవునా ఒక వరస కుట్టు వేసి ఉంటే ఎంత విప్పినా సాగేది కాదు. ఆ వరస వేయలేదు కాబట్టి చేతిలో నలుగుతూ మెడ సాగి, ముందు లోతు పెరిగింది. విప్పిన చోట సూది రంధ్రాలు కుడి వైపు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. "ఎందుకు విప్పావమ్మా?" అని అడిగితే, "మెడ లేచిపోయింది మేడమ్, అలా ఇవ్వలేకపోయాను" అంది. దీనికి 6 తీశాను. వచ్చినవి 30 కి 23.

ఇక్కడ నా అభిప్రాయం రాయాలి. ఆ ఒక్క పట్టీ వల్లే మెడ కొలత మారింది, రంధ్రాలు పడ్డాయి, సమయం పోయింది. మూడు చోట్లా మార్కులు కోస్తే ఒకే తప్పుకి మూడుసార్లు శిక్షించినట్టవుతుంది. అలా కోస్తే తనలో ఏం తక్కువో కాగితం చెప్పదు, అన్నిట్లోనూ వెనకబడినట్టు కనిపిస్తుంది. తను వెనకబడింది ఒక్క పైపింగ్‌లోనే. అందుకే కోత అక్కడే పెట్టాను, మిగతా చోట్ల వదిలాను. లేచిన మెడని అలాగే ఇచ్చి టైముకి ముగించడం కంటే, విప్పి సరిచేయాలనుకోవడం నాకు నచ్చింది.

ఫినిషింగ్

తిప్పి చూస్తే లోపలి అంచులన్నీ ఓవర్‌లాక్ చేసి ఉన్నాయి. ఒక్క దారప్పోగు వేలాడలేదు. కింద హెమ్మింగ్ చేతికుట్టు పైకి కనిపించలేదు. రెండు చేతుల జరీ అంచూ ఒకే ఎత్తులో నిలిచింది, మంగళగిరి గుడ్డకి చూసేది ముందు అదే. హుక్కులు తుప్పు పట్టనివి వాడింది. విశాఖ ఉప్పుగాలికి, చెమటకి మామూలు ఇనప హుక్కులు నాలుగు ఉతుకుల్లో గుడ్డకి మరక పెడతాయి కాబట్టి, ఇది మంచి ఎంపిక.

తక్కువైంది లైనింగు. తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేసుకోకుండానే కోసేసింది, అడిగితే ఒప్పుకుంది. మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుపోతే పైగుడ్డ ఉబ్బుతుంది, ఎంత బాగా కుట్టినా కనిపించదు. 4 తీశాను. హుక్కుల్లో రెండోదానికీ మూడోదానికీ మధ్య దూరం ఎక్కువైంది, అక్కడ పట్టీ నోరు తెరుస్తుంది. దీనికి 2. వచ్చినవి 25 కి 19.

సమయం

ఉదయం 9:30 కి మొదలుపెట్టి మధ్యాహ్నం 3:40 కి ఇచ్చింది. భోజనానికి అరగంట తీసేస్తే 5 గంటల 40 నిమిషాలు, అంటే 40 నిమిషాలు ఆలస్యం. అందులో 25 మెడ విప్పి కుట్టడానికే పోయాయి. పైన రాసిన కారణంతో మిగతా 15 నిమిషాలకే 2 తీశాను. కొలతలు గీసుకోవడం, కోయడం గంటా పది నిమిషాల్లో అయింది, మంచి వేగమే. వచ్చినవి 15 కి 13.

ఫలితం

మొత్తం 80, పాస్. సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. అయితే బయట ఆర్డర్లు తీసుకునే ముందు పైపింగ్ మెడలు గుండ్రటిది ఒకటి, చదరపుది ఒకటి మామూలు గుడ్డ మీద కుట్టి చూపించాలి. పట్టీ ఎలా కోస్తుందో నేనే దగ్గరుండి చూస్తాను. ఈ జాకెట్టు తన పొరుగింటావిడది కాబట్టి అలా ఇవ్వకూడదు. ఎడమ చెయ్యి పైభాగం విప్పి, భుజం కుట్టుని మెడ దగ్గర అలాగే ఉంచి, చంక వైపుకి వచ్చేసరికి పావు అంగుళం లోపలికి తీసుకుంటే ముందూ వెనకా కలిపి అర అంగుళం తగ్గి చంక 16½ కి వస్తుంది. తరవాత చెయ్యి లాగకుండా అతికించాలి. రెండో హుక్కు కూడా ఊడదీసి కిందికి జరపాలి. వచ్చే మంగళవారం పైపింగ్ మెడలతో పాటు సరిచేసిన జాకెట్టు కూడా తెమ్మని చెప్పాను.

పరిశీలకురాలు