బ్యాలెన్స్ షీట్ ఫొటో నుంచి ఎక్కించిన టేబుల్

మేడమ్, మీరు పంపిన ఫొటోలోని బ్యాలెన్స్ షీట్ ఇది. వరుసలు, పేర్లు పేజీలో ఉన్నట్టే ఉంచాను. పేజీ పైన కుడివైపు "రూ. లక్షల్లో" అని ఉంది కాబట్టి టేబుల్‌లోని అంకెలన్నీ లక్షలే. బ్రాకెట్లో ఉన్నవి మైనస్.

31 మార్చి 2024 నాటి ఆస్తి అప్పుల పట్టీ (రూ. లక్షల్లో)

| వివరం | 31-03-2024 | 31-03-2023 |
|---|---:|---:|
| మూలధనం, అప్పులు | | |
| వాటా మూలధనం | 500.00 | 500.00 |
| రిజర్వులు, మిగులు | (186.40) | (92.15)* |
| దీర్ఘకాలిక రుణాలు | 640.25 | 710.00 |
| స్వల్పకాలిక రుణాలు | 215.60 | 148.90 |
| సరుకు సరఫరాదారులకు బాకీ | 132.45 | 118.20 |
| ఇతర చెల్లింపులు | 41.10 | 36.55 |
| మొత్తం | 1,343.00 | 1,421.50 |
| ఆస్తులు | | |
| స్థిరాస్తులు, కొన్న విలువ | 1,210.80 | 1,184.30 |
| ఇప్పటివరకు తరుగుదల | (428.95) | (331.60) |
| స్థిరాస్తులు, నికర విలువ | 781.85 | 852.70 |
| సరుకు నిల్వ | 246.30 | 281.45 |
| కస్టమర్ల నుంచి రావలసినది | 268.70 | 247.10 |
| రాని బాకీలకు కేటాయింపు | (24.50) | – |
| నగదు, బ్యాంకు నిల్వ | 38.15* | 21.75 |
| ఇతర ఆస్తులు | 32.50 | 18.50 |
| మొత్తం | 1,343.00 | 1,421.50 |

స్టార్ పెట్టిన రెండు చోట్లా ఫొటో సరిగ్గా లేదు. 92.15 దగ్గర కాగితం మడత పడి ఎడమ బ్రాకెట్ కనిపించడం లేదు, కుడిది మాత్రం ఉంది. దాన్ని ప్లస్‌గా తీసుకుంటే మొత్తం 1,605.80 వస్తుంది, పేజీలో ఉన్నది 1,421.50. అందుకే మైనస్ అనే ఎక్కించాను. నగదు దగ్గర రెండో అంకె 8 లాగానూ 6 లాగానూ ఉంది. 36.15 అయితే ఆస్తుల వైపు 2.00 తగ్గుతుంది, 38.15 అయితే సరిపోతుంది.

2023లో రాని బాకీల కేటాయింపు దగ్గర పేజీలో గీత మాత్రమే ఉంది. దాన్ని సున్నా చేయలేదు, గీతగానే వదిలేశాను. కూడికలో మాత్రం దానికి విలువ లేదు. నికర విలువ వచ్చాక పై రెండు వరుసలను మళ్లీ కూడకండి, మొత్తం తప్పిపోతుంది.

పేజీ అడుగున రెండు నోట్లున్నాయి. వాటి యూనిట్లు వేరు, అందుకే టేబుల్‌లో కలపలేదు:

"వాటా మూలధనం: ఒక్కొక్కటి రూ. 10 విలువ గల 50,00,000 వాటాలు." ఇది పూర్తి రూపాయల్లో ఉంది. లెక్క కడితే 5,00,00,000 రూపాయలు, అంటే టేబుల్‌లోని 500.00 లక్షలే.

"కంపెనీ తరఫున ఇచ్చిన బ్యాంకు గ్యారంటీలు: రూ. 1.20 కోట్లు." ఇది కోట్లలో ఉంది. లక్షల్లో రాయాలంటే 120.00 అవుతుంది, 1.20 కాదు. ఇది బ్యాలెన్స్ షీట్ మొత్తంలో లేదు.

బ్యాంకుకు పంపేలోపు అసలు కాగితంలో ఆ రెండు స్టార్ల దగ్గర చూసి చెప్పండి. చూశాకే స్టార్లు తీసేస్తాను.